కాళి కేవియట్‌కు రాని మెయిల్

మానుకోట కోర్టు వెనక సందులో జిరాక్స్ షాపు మీది గది అరుణ వకీలు ఆఫీసు. కాగితాల మీద ఆ ఊరి పేరు మహబూబాబాద్. బస్సులో టికెట్ అడిగేటప్పుడు మాత్రం ఎవరి నోటా ఆ పేరు రాదు. ఆ గదిలో కుర్చీలు నాలుగు, బీరువాలు మూడు, గుమస్తా ఒక్కడు. కుర్చీలూ బీరువాలూ ఎన్నోసార్లు మారాయి. గుమస్తా తాజుద్దీన్ మాత్రం ముప్పై ఒక్క ఏళ్లుగా మారలేదు.

అరుణ వాళ్ల నాన్న, అంటే పెద్ద వకీలు, ఉన్న రోజుల్లో ఇరవై ఐదేళ్ల వయసులో ఆయన చేరాడు. ఏ కేసు కట్ట ఏ బీరువాలో ఉందో, ఏ కేసులో అవతలి వకీలు ఎవరో, ఏ అప్పీలుకు ఇంకెన్ని రోజులున్నాయో చూడకుండా చెప్పేవాడు. అడిగినవాళ్లు నోరు వెళ్లబెడితే, ఇందులో ఏముందన్నట్టు మొహం పెట్టి టీ తాగేవాడు. ఆ మొహం వెనక ఎంత గర్వముండేదో ఇంట్లో భార్యకు తెలుసు, కూతురు హుమేరాకూ తెలుసు. మనిషి మంచివాడే. కాకపోతే తన కట్టలను ఇంకొకరు ముట్టుకుంటే ఓర్చుకోలేడు. జూనియర్లు వచ్చేవారు, ఆయన సణుగుడు భరించి పని నేర్చుకునేవారు, తర్వాత సొంత బోర్డు పెట్టుకుని వెళ్లిపోయేవారు.

పెద్ద వకీలు దగ్గర ఆయన మొట్టమొదట నేర్చుకున్నది తేదీలు రాయడం. కట్ట మీది అట్టపై తేదీ మారితే పాతదాన్ని చెరపకూడదు, దిద్దకూడదు. దాని మీద ఒక్క గీత కొట్టి, కింద కొత్తది రాయాలి. గీత కింద ఉన్నా పాతది చదవడానికి రావాలి. ఎప్పుడో ఒకనాడు జడ్జిగారు, ముందు ఏ తేదీ ఉండేది అని అడిగితే, అట్ట చూపించి చెప్పగలగాలి. తాజుద్దీన్ కట్టల మీద తేదీలు ఒకదాని కింద ఒకటి మెట్లలా దిగుతూ ఉంటాయి. కోర్టులో తక్కిన గుమస్తాలూ అంతే. వైట్నర్ సీసా కనిపించిన ఆఫీసును వాళ్లు ఆఫీసుగా లెక్కపెట్టరు.

కిందటేడు వానాకాలంలో ఆయనకు కంటి శుక్లం ఆపరేషన్ అయింది. పది రోజులు ఇంట్లో ఉండాల్సి వచ్చింది. సరిగ్గా ఆ పది రోజుల్లోనే ఒక జవాబు దాఖలు చేయాల్సిన గడువు దాటిపోయింది. అరుణ ఆలస్యానికి క్షమాపణ అర్జీ వేసి, జడ్జి ముందు నిలబడి నాలుగు మాటలు పడింది. తాజుద్దీన్ సెలవు అయి తిరిగొచ్చాక ఆయన్ను పల్లెత్తు మాట అనలేదు. అదే ఆయనకు ఎక్కువ గుచ్చుకుంది.

హుమేరా ఒక ప్రైవేటు స్కూల్లో కంప్యూటర్ పాఠాలు చెబుతుంది. తండ్రి బాధ చూసి, మరుసటి ఆదివారం అరుణ లాప్‌టాప్ ముందు కూర్చుని, అరుణ ఖాతాలోనే ఒక గూగుల్ షీట్ తయారుచేసింది. కక్షిదారు పేరు, చేయాల్సిన పని, కోర్టు, చివరి తేదీ. నాలుగే నాలుగు గళ్లు. రోజువారీ వాయిదాలు ఎప్పటిలాగే డైరీలో ఉంటాయి, దాటితే నష్టం జరిగే గడువులు మాత్రమే ఇందులోకి వస్తాయి. తేదీలు మన పద్ధతిలో ముందు రోజు, తర్వాత నెల ఉండేలా షీట్ సెట్టింగు మార్చింది. ఆ షీట్‌కు వెనక ఒక చిన్న స్క్రిప్టు రాసింది. అది రోజూ పొద్దున ఆరు, ఏడు గంటల మధ్య తనంతట తాను లేచి, పై నుంచి కింది దాకా ఒక్కో వరుసా చూస్తుంది. చివరి తేదీలోంచి ఈ రోజును తీసేస్తుంది. సరిగ్గా మూడు మిగిలితే అరుణకూ తాజుద్దీన్‌కూ మెయిల్ పంపుతుంది. మూడు కాకపోతే ఊరుకుని కింది వరుసకు పోతుంది.

మొదటి వారం తాజుద్దీన్ దాన్ని సవతిలా చూశాడు. మెయిల్ రాకముందే గడువు తానే చెప్పి, తర్వాత ఫోన్ తీసి, వచ్చిందా లేదా అని పరీక్షించేవాడు. వచ్చేది. పది సార్లు వచ్చింది, ఇరవై సార్లు వచ్చింది. ఒక్కసారీ తప్పలేదు. నెల రోజులకు ఆయన పరీక్షించడం మానేశాడు. ఇంకో నెలకు గడువులు తలలో పెట్టుకోవడమే మానేశాడు. పొద్దున చాయ్ తాగుతూ మెయిల్ చూసుకుంటే చాలు. లేకపోతే ఆ రోజు హాయి. ఇన్నేళ్ల తర్వాత నిద్ర బాగా పడుతోందని భార్యతో చెప్పుకున్నాడు కూడా.

ఇక కాళి సంగతి. మానుకోటకు ఎనిమిది కిలోమీటర్ల దూరంలో ఒక తండా ఆమెది. నలభై దాటిన మనిషి. భర్త ధర్మా భూపాలపల్లి బొగ్గు గనుల దగ్గర కాంట్రాక్టు పనిలో ఉంటాడు, పది పదిహేను రోజులకోసారి వస్తాడు. రెండెకరాల చెలక, వాన మీద పండే మెట్ట చేను, కాళి పేరు మీద ఉంది. సాగు ఆమెదే, దానిమీద బెంగ కూడా ఆమెదే. పక్క చేను ఆసామి హద్దు జరిగిందంటూ కిందటి చలికాలంలో పేచీ మొదలుపెట్టాడు. కోర్టుకు పోయి నీ చేనులో నువ్వే కాలు పెట్టకుండా ఆర్డర్ తెస్తానని నలుగురిలో అన్నాడు.

ఆ ఆర్డర్‌కే కాళి భయం. అవతలివాడు ముందుగా కోర్టుకెక్కి, తాత్కాలిక ఉత్తర్వు అడిగితే, ఒక్కోసారి ఇవతలివాళ్లను పిలవకుండానే ఇస్తారు. తర్వాత వాదించుకుని దాన్ని తీసేయించవచ్చు. కానీ అందుకు నెలలు పడుతుంది. విత్తే అదును నెలలు ఆగదు. రెండెకరాల్లో ఒక్క ఏడాది పత్తి లేకపోతే ఆ ఇంట్లో ఏమీ లేనట్టే. దానికి విరుగుడు కేవియట్. నాకు చెప్పకుండా, నా మాట వినకుండా నా మీద ఉత్తర్వు ఇవ్వొద్దు అని కోర్టులో ముందే పెట్టుకునే అర్జీ అది. తొంభై రోజులు బతుకుతుంది. ఆ తర్వాత మళ్లీ కొత్తది వేసుకోవాలి.

డిసెంబరు పన్నెండున అరుణ మొదటి కేవియట్ వేసింది. తాజుద్దీన్ షీట్‌లో కాళి పేరు ఎక్కించి, చివరి తేదీ గడిలో మార్చి పన్నెండు అని కొట్టాడు. మార్చి తొమ్మిది పొద్దున మెయిల్ టంచనుగా వచ్చింది. కాళికి ఫోన్ చేసి పిలిపించి, పదో తారీకునే రెండో కేవియట్ వేయించాడు. తొంభై రోజులు లెక్కపెట్టుకున్నాడు. జూన్ ఎనిమిది. సాయంత్రం తీరిగ్గా షీట్ తెరిచాడు. అప్పటిదాకా ఆ షీట్‌లో ఒక గడువు అయిపోతే ఆ వరుస కథ అయిపోయేది. గడువు మారి మళ్లీ మొదలైనది కాళి వరుస ఒక్కటే.

ఆయన చెయ్యి తనకు తెలిసిన పనే చేసింది. మార్చి పన్నెండును చెరపలేదు. అదే గడి లోపల కింది లైనుకు దిగడం హుమేరా దగ్గర నేర్చుకుని ఉన్నాడు. దిగి, జూన్ ఎనిమిది అని రాశాడు. పాత తేదీని ఎంచి దాని మీద గీత కూడా కొట్టాడు. వెనక్కి వాలి చూసుకుంటే ముచ్చటగా అనిపించింది, అచ్చం కట్ట మీది అట్టలాగే ఉంది. ఒక్కటే తేడా. తక్కిన తేదీలన్నీ గడిలో కుడి పక్కకు ఆనుకుని ఉంటే ఈ రెండూ ఎడమ పక్కకు జరిగాయి. రెండు తేదీలు కదా, చోటు చాలక జరిగి ఉంటాయనుకున్నాడు. లాప్‌టాప్ మూసి ఇంటికి వెళ్లిపోయాడు.

మే నెలంతా కోర్టుకు సెలవులు. జూన్ మొదట్లో తెరిచారు. ఐదో తారీకు శుక్రవారం పొద్దున ఆయన ఫోన్ చూసుకున్నాడు. మెయిల్ ఏమీ లేదు. చాయ్ ఇంకో అర కప్పు పోయించుకున్నాడు.

సోమవారం అరుణ పొద్దున్నే రైలెక్కి జనగామ కోర్టుకు వెళ్లింది. తాజుద్దీన్ ఒక్కడే ఆఫీసులో కూర్చుని పాత కట్టల దుమ్ము దులుపుతున్నాడు. పదకొండున్నరకు కాళి వచ్చింది. చేతిలో పత్తి గింజల ప్యాకెట్లున్న సంచి. ముందురోజు రాత్రి తండాలో దుక్కి తడిసే వాన పడిందట, రేపు విత్తుతుందట. విత్తేముందు ఒక మాట అడిగి పోదామని వచ్చింది.

“మన కాగితం ఇంక నడుస్తున్నది కద, గుమస్తన్నా?”

నడుస్తున్నదని ఆయన తడుముకోకుండా చెప్పాడు. గడువు దగ్గరికొస్తే మూడు రోజుల ముందే మెయిల్ వస్తుందని, రాలేదంటే ఇంకా టైముందని, బేఫికర్‌గా విత్తుకోమని ధైర్యం చెప్పాడు. కాళి తలూపింది గానీ లేవలేదు. సంచి మూతి ముడి విప్పి మళ్లీ వేసింది.

“హోలి అయినంక వారం దినాలకు ఏసినం. నేను యాదికి పెట్టుకున్న. గిప్పటికి మూడు నెలలు నిండుతయ్.”

తాజుద్దీన్‌కు కొంచెం కోపం వచ్చింది. కోర్టు పని తనకు చెప్పేవాళ్లు వచ్చారే అనిపించింది. లంబాడీ ఇళ్లల్లో హోలీ ఎంత పెద్ద పండుగో, ఆ తారీకు వాళ్లు మరిచిపోరని ఆయనకు తెలియక కాదు. చూపించి నోరు మూయిద్దామన్న పంతంతోనే లాప్‌టాప్ తెరిచాడు. వేలితో వరుసలు దిగుతూ కాళి పేరు దగ్గర ఆగాడు. గీత కొట్టిన మార్చి పన్నెండు. దాని కింద జూన్ ఎనిమిది. గోడ మీద క్యాలెండరు చూశాడు. జూన్ ఎనిమిది, సోమవారం.

ముప్పై ఒక్క ఏళ్లలో ఆయన అంత భయం ఎప్పుడూ పడలేదు. పైకి మాత్రం కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. వచ్చింది మంచిదైంది, కొత్త కాగితం ఇవాళే వేసేద్దామని కాళితో అన్నాడు. ఎందుకని ఆమె అడగలేదు, ఆయన చెప్పలేదు.

కేవియట్ అంటే అర్జీ రాసి పడేస్తే సరిపోదు. అవతలి మనిషికి పోస్టులో నోటీసు పంపాలి, ఆ రశీదు అర్జీకి జత చేయాలి, వకీలు సంతకం ఉండాలి. నాలుగింటి లోపు ఫైలింగు కిటికీలో ఇవ్వాలి. తాజుద్దీన్ మార్చి నెల అర్జీ తీసి తేదీలు మార్చి కొత్తది కొట్టాడు, కింద జిరాక్స్ షాపులో ప్రింటు తీయించాడు. కాళి చేత సంతకాలు పెట్టించాడు. పోస్టాఫీసుకు తానే వెళ్లి లైనులో నిలబడి రశీదు పట్టుకుని వచ్చాడు. మధ్యలో అరుణకు ఫోన్ చేశాడు. ఏమీ దాచలేదు. ఇవాళే చివరి రోజని, తాను చూసుకోలేదని, ఏ రైలు దొరికితే ఆ రైలుకు రావాలని చెప్పాడు. ఆమె జనగామలో పని ఇంకో వకీలుకు అప్పగించి బయల్దేరింది.

ఒంటిగంట నుంచి ఆయనా కాళీ ఎదురెదురుగా కూర్చున్నారు. ఆమె చెంగు మూటలో తెచ్చుకున్న రొట్టె సగం తుంచి ఆయనకు పెట్టింది. వద్దనడానికి మొహం చెల్లక తిన్నాడు. ఈ మనిషి అడగకుండా పోయి ఉంటే, రేపు తన మాట నమ్మి విత్తి ఉంటే, ఆ తర్వాత ఏ ఆర్డరో వచ్చి ఉంటే అన్న ఆలోచన ఆయనను వదల్లేదు.

అరుణ మూడు ఇరవైకి మెట్లెక్కింది. నిలబడే సంతకం చేసింది. మూడు నలభైకి కిటికీలో అర్జీ పడింది, నంబరు పడింది. కాళి సంచి సర్దుకుని బస్సుకు వెళ్లిపోయింది.

అప్పుడు అరుణ కుర్చీలో కూలబడి ఆ ప్రోగ్రాం మీద విరుచుకుపడింది. మనిషిని నమ్మక యంత్రాన్ని నమ్మితే ఇట్లాగే ఉంటుందని, రేపటి నుంచి అంతా డైరీలోనే రాయమని అంది. ఆ మాట పట్టుకుని తాజుద్దీన్ తప్పించుకోవచ్చు. ఎవరూ వేలెత్తి చూపేవాళ్లు కాదు. ఆయన తప్పించుకోలేదు. ముందు హుమేరాను రమ్మని, సంగతేమిటో చూద్దామన్నాడు.

స్కూలు అయ్యాక హుమేరా వచ్చింది. గడిని చూడగానే ఆమెకు అర్థమైంది. గడిలో ఒకే తేదీ ఉంటే షీట్ దాన్ని తేదీగా గుర్తిస్తుంది, అందుకే కుడి పక్కకు ఆనిస్తుంది, దాంతో కూడికలు తీసివేతలు చేయనిస్తుంది. రెండు తేదీలు ఒకదాని కింద ఒకటి రాస్తే అది దానికి తేదీ కాదు, మామూలు రాత. గీత కొట్టినా లాభం లేదు. గీత మన కంటికే, స్క్రిప్టుకు కనబడదు. రాతలోంచి ఈ రోజును తీసేయడం కుదరదు. పైగా ఖాళీ వరుసలు అడ్డొచ్చి మొదట్లో స్క్రిప్టు ఆగిపోతుంటే, తేదీ కానిది ఎదురైతే దాటి పొమ్మని తానే ఒక మాట రాసింది. అది మార్చి నుంచి రోజూ పొద్దున కాళి గడి దాకా వచ్చి, తేదీ కాదనుకుని, చప్పుడు చేయకుండా దాటిపోయింది.

“తప్పు నాది కూడ, అబ్బా. దాటిపొమ్మన్న గని, దాటిపోయిన సంగతి నీకు చెప్పమని రాయలే,” అంది హుమేరా తండ్రితో.

తండ్రీ కూతుళ్లు ఇద్దరూ తప్పు తమ మీద వేసుకుంటుంటే అరుణ కోపం నిలవలేదు. హుమేరా అక్కడే కూర్చుని సరిచేసింది. పాత తేదీల కోసం పక్కన వేరే గడి పెట్టింది, అందులో తండ్రి తన ఇష్టమొచ్చినన్ని గీతలు కొట్టుకోవచ్చు. చివరి తేదీ గడి తేదీ తప్ప ఇంకేది రాసినా పుచ్చుకోకుండా కట్టడి చేసింది. పేరుండి తేదీ చదవరాని వరుస ఎదురైతే, ఫలానా వరుసలో తేదీ అర్థం కాలేదని మెయిల్ పంపేలా రాసింది. సరిగ్గా మూడు రోజులని కాకుండా, మూడు గానీ అంతకంటే తక్కువ గానీ ఉంటే, పని అయిందని రాసేదాకా రోజూ గుర్తుచేసేలా మార్చింది. కావాలని ఒక గడిలో తప్పు రాసి ఉంచి, స్క్రిప్టును చేత్తో నడిపి చూపించింది. ఆయన ఫోన్ మోగింది. మెయిల్ చదివి తలూపాడు. మనసు మాత్రం కుదుట పడలేదు.

పక్క చేను ఆసామి గురువారమే కోర్టుకొచ్చాడు. సెలవులు అయిపోవడం, పాత కేవియట్ రోజులు నిండడం రెండూ అతని వకీలు లెక్కపెట్టుకునే ఉన్నాడు. తాత్కాలిక ఉత్తర్వు వెంటనే కావాలని అడిగాడు. బెంచి క్లర్కు కాగితాలు తిరగేసి, ఇందులో కేవియట్ ఉందని చెప్పాడు. సోమవారం వేసిన కేవియట్. జడ్జిగారు కాళి పక్షానికి కాగితాలు ఇచ్చి రమ్మని వాయిదా వేశారు. ఆ రోజు ఏ ఉత్తర్వూ రాలేదు.

వాయిదా నాడు కాళి వచ్చింది. భూపాలపల్లి నుంచి ధర్మా కూడా వచ్చాడు. అరుణ పాస్‌బుక్కు, సర్వే నకలు చూపించి గంటసేపు వాదించింది. ఆసామి అడిగిన ఉత్తర్వు ఇవ్వడానికి ఇప్పుడు కారణం కనిపించడం లేదని, హద్దు సంగతి అసలు దావాలో తేల్చుదామని జడ్జిగారు అన్నారు. వరండాలోకి వచ్చాక కాళి తాజుద్దీన్ ముందు రెండు చేతులూ జోడించింది. అప్పటికి చేలో మొలకలు జానెడు లేచాయట. ఆ రోజు ఆయన లైన్లో నిలబడి కాగితం వేయకపోతే తన చెలక బీడు పడి ఉండేదని, ఇంట్లో ఆయన పేరు చెప్పుకుంటున్నారని అంది.

ఆ మాటలు తాజుద్దీన్ భరించలేకపోయాడు. ఆమె చేతులు దించమన్నాడు. చుట్టూ నలుగురు గుమస్తాలు వింటున్నారని తెలిసి కూడా, ముప్పై ఒక్క ఏళ్ల పేరు పోతుందని తెలిసి కూడా చెప్పేశాడు.

“నేను మరిచిపోయిన, కాళమ్మా. ఆ దినం నీకు టైమున్నదని చెప్పింది అబద్ధం. నువ్వు గట్టిగ అడగకపోయి ఉంటే నీ కాగితం చచ్చిపోతుండె. నన్ను కాదు మొక్కేది.”

ధర్మా మొహం మారింది. కాళి మొహం మారలేదు. చెంగుతో మెడ తుడుచుకుంది.

“గది నాకు ఆ దినమే సమజైంది, అన్నా. నువ్వు క్యాలెండరు చూసి కళ్లజోడు తుడుచుకుంటుంటె చూడలేదా ఏంది. అయినా నీకు వెయ్యి కాగితాలు, యాదికి ఉంటయా? నాకున్నది ఒక్క చెలక. నేను లెక్క పెట్టుకోకుంటె ఎవరు పెట్టుకుంటరు?”

తాజుద్దీన్ కళ్లు తడయ్యాయి. ఆపరేషన్ అయిన కన్ను ఎండకు ఆగదని పక్కనున్న గుమస్తాతో అన్నాడు, ఆ గుమస్తా నమ్మినట్టే తలూపాడు.

ఇప్పుడు ఆ షీట్‌లో ఇంకో గడి ఉంది. తండ్రి అడిగితే హుమేరా పెట్టింది. కక్షిదారు ఫోన్ నంబరు అందులో ఉంటుంది, మెయిల్‌లో గడువుతో పాటు అదీ వస్తుంది. పొద్దున ఏడింటికి మెయిల్ రాగానే తాజుద్దీన్ చాయ్ పక్కన పెట్టి, ముందు ఆ నంబరుకు ఫోన్ చేస్తాడు. అవతల ఎత్తినవాళ్లకు తన పేరు చెప్పి, మీ లెక్క ప్రకారం మన కాగితానికి ఇంకా ఎన్ని రోజులున్నాయని అడుగుతాడు.